ఆట కథ కట్టడం ఎలా: హీరో చేతిలో పని, సైడ్ క్వెస్టులు, గోడలు చెప్పే సంగతులు

వీడియో గేమ్‌లో ప్లేయర్ ఏ గదిలోకి ముందు వెళ్తాడో, ఏ కాగితం చదవకుండా వదిలేస్తాడో, ఎవరితో మాట్లాడకుండా దాటిపోతాడో రాసేవాళ్ల చేతిలో ఉండదు. అందుకే సీన్ తర్వాత సీన్ రాసుకుంటూ పోయిన స్క్రిప్టు ఆటలో పెట్టగానే విరిగిపోతుంది. జరిగిన నిజాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ వరుసలో దొరికినా అర్థమయ్యేలా ఊరంతా సర్దిపెట్టాలి. ఆ సర్దడం ఎలాగో ఒక ఉదాహరణతో మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

ఉదాహరణకు నాలుగు గంటల ఆట తీసుకోండి. ఆనకట్ట కింద ఒక చిన్న ఊరు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి గేట్లు ఎత్తారు, సైరన్ మోగలేదు, ఊరు మునిగింది. ఇప్పుడు నీళ్లు చాలావరకు పోయాయి, నలుగురైదుగురు తిరిగొచ్చారు. ఊళ్లో కరెంటు పునరుద్ధరించడానికి సరళ అనే ఎలక్ట్రీషియన్ వచ్చింది. ప్లేయర్ నడిపేది ఆమెనే.

మొదటి అడుగు: హీరో చేతులతో ఏం చేస్తుందో తేల్చండి

హీరో గతం, స్వభావం, పోగొట్టుకున్న మనుషులు, ఇవన్నీ తర్వాత రాసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఒక క్రియ. ఆట మొత్తంలో ప్లేయర్ వందసార్లు చేసే పని ఏమిటి? సరళ చేసే పని: ఒక చోట ఫ్యూజ్ తీసి ఇంకో చోట పెట్టడం. ఆమె దగ్గర మొదట మూడే ఫ్యూజులు ఉంటాయి. బడికి కరెంటు ఇస్తే వీధి దీపం ఆరుతుంది. పంపు నడిపితే ఎవరింట్లోనో రేడియో ఆగుతుంది.

ఈ క్రియకూ కథకూ ముడి లేకపోతే ఏమవుతుందో ఆటలు రాసేవాళ్లకు బాగా తెలుసు. కట్‌సీన్‌లో, అంటే ప్లేయర్ ఊరికే చూసే ఘట్టంలో, ప్రాణాల విలువ గురించి మాట్లాడిన హీరో, కంట్రోలర్ చేతికి రాగానే కనబడినవాణ్ణల్లా కాల్చేస్తుంటాడు. క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ 2007లో ఈ పొసగనితనాన్ని ‘లూడోనేరేటివ్ డిసొనెన్స్’ అన్నాడు. డైలాగులు మార్చి దీన్ని సరిచేయడం చాలా కష్టం. ప్లేయర్ విన్న మాట మరిచిపోతాడు, వందసార్లు చేసిన పని మరిచిపోడు.

కాబట్టి కథ గుండెలో ఉన్న తప్పు ఏదో, ప్లేయర్ చేసే పని నుంచే పుట్టించండి. మన ఊళ్లో ఆ రాత్రి సైరన్ ఎందుకు మోగలేదంటే, దాని ఫ్యూజ్ ఎవరో తీసేసి ఆసుపత్రిలో పెట్టారు. అంటే సరళ ఆట మొదటినుంచి ఏం చేస్తోందో, ఊరు మునగడానికి కారణమైన మనిషీ అదే చేశాడు. ఈ సంగతి బయటపడేసరికి ప్లేయర్ అలాంటి పని పాతికసార్లు చేసి ఉంటాడు. అప్పుడు ఆ మనిషిని తిట్టడం అంత తేలిక కాదు. ఈ బరువు ఏ డైలాగుకీ రాదు.

హీరోకి ఇంకో రెండే కావాలి. ఒకటి, ప్లేయర్‌కి మొదటి ఐదు నిమిషాల్లో అర్థమయ్యే కోరిక: ఊరు వెలగాలి, జనం తిరిగి రావాలి. రెండోది, ప్లేయర్‌కి తెలియనిది హీరోకీ తెలియకుండా ఉండటం. సరళ ఈ ఊరికి కొత్త. ఆమె ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిందని పెట్టారనుకోండి, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆమె గుర్తుపట్టాలి, ప్లేయర్ మాత్రం గుర్తుపట్టలేడు. ఆ దూరాన్ని పూడ్చడానికి ‘నీకు గుర్తుందిగా, మనం చిన్నప్పుడు...’ అని మొదలయ్యే డైలాగులు గంటసేపు రాయాల్సి వస్తుంది.

రెండో అడుగు: జరిగింది కాలక్రమంలో రాసి, ముక్కలు చేయండి

ఆట మొదలు కాకముందు ఏం జరిగిందో ఒక పేజీలో, గంటలతో సహా రాయండి. సాయంత్రం ఆరింటికి ఆసుపత్రిలో ఫ్యూజ్ కాలిపోయింది. లోపల యంత్రం మీద ముగ్గురు రోగులున్నారు. ఏడింటికి లైన్‌మన్ సైరన్ ఫ్యూజ్ తీసుకెళ్లి అక్కడ పెట్టాడు, పొద్దున్నే తిరిగి పెట్టేద్దాం అనుకున్నాడు. రాత్రి 2:10కి నీటిమట్టం ప్రమాద గుర్తు దాటింది, ఆపరేటర్ సైరన్ నొక్కి గేట్లు ఎత్తాడు. సైరన్ మోగలేదు.

ఇప్పుడు దీన్ని ప్లేయర్ తెలుసుకోవాల్సిన నిజాలుగా విడగొట్టండి. నాలుగు గంటల ఆటకు నాలుగైదు చాలు. మనకు నాలుగు:

1. గేట్లు ఎత్తింది ఆపరేటర్. ఎత్తకపోతే ఆనకట్టే తెగేది.
2. అతను సైరన్ నొక్కాడు, అది మోగలేదు.
3. సైరన్ ఫ్యూజ్‌ను ఆ సాయంత్రమే ఎవరో తీశారు.
4. ఆ ఫ్యూజ్ ఆసుపత్రిలో ఉంది. దానివల్ల ముగ్గురు బతికారు.

ఒక్కో నిజం దొరికినప్పుడల్లా ప్లేయర్ అనుమానం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు మళ్లుతోంది చూడండి. మొదట ఆపరేటర్ మీద కోపం, తర్వాత యంత్రం మీద, ఆపైన ఎవరో దొంగ మీద, చివరికి ఎవరి మీదా నిలవదు. మీ జాబితాలో ఒక నిజం తెలిసినా ప్లేయర్ అభిప్రాయం ఏమీ మారకపోతే, అది ఊరి వాతావరణానికి పనికొచ్చే వివరం మాత్రమే. దాన్ని ఉంచుకోవచ్చు గానీ ఈ జాబితాలో ఉండకూడదు.

తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. అడ్డంగా నాలుగు నిజాలు, నిలువుగా ఊళ్లోని చోట్లు. ప్రతి నిజానికీ కనీసం మూడు ఆధారాలు, మూడు రకాలుగా ఉండాలి: ఒకటి కంటికి కనబడేది, ఒకటి మనిషి చెప్పేది, ఒకటి సరళ చేతులతో కనిపెట్టేది. మూడో నిజానికి ఉదాహరణ: సైరన్ స్తంభం మీద పెట్టె తలుపు విరగలేదు, తాళంచెవితో తెరిచి ఉంది. తిరిగొచ్చిన ముసలాయన లైన్‌మన్‌ని ఆ సాయంత్రం నిచ్చెనతో చూశానంటాడు. సరళ ఆ పెట్టెలో ఫ్యూజ్ పెట్టబోతే అక్కడ కాలిన మరక ఉండదు, అంటే ఫ్యూజ్ కాలిపోలేదు, ఎవరో తీశారు. టేబుల్‌టాప్ రోల్‌ప్లే గేమ్‌లు నడిపేవాళ్లు చాలాకాలంగా పాటించే లెక్క ఇది: ఆటగాళ్లు ఒక ఆధారం చూడరు, ఇంకోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు.

మూడో అడుగు: దారిని ఇరుకుగా, విశాలంగా, మళ్లీ ఇరుకుగా

ప్రధాన కథ మొత్తం ఒకే గీతలా ఉంటే ప్లేయర్‌కి ఊరు ఇరుకనిపిస్తుంది, మొత్తం తెరిచేస్తే కథకు పట్టు ఉండదు. ఊరిని మూడు భాగాలు చేయండి. ఒక భాగం లోపల పనులు ఏ వరుసలోనైనా చేయొచ్చు. ఒక భాగం నుంచి ఇంకోదానికి మాత్రం ఒకటే ద్వారం, అది హీరో క్రియతోనే తెరుచుకోవాలి.

మన ఊళ్లో ఆట మధ్య వీధిలో మొదలవుతుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేస్తే పంపు నడిచి, కింద వీధిలో నిలిచిన నీళ్లు పోతాయి. కింద వీధిలో పని అయితే ఆనకట్ట పైకి వెళ్లే లిఫ్టుకు కరెంటు వస్తుంది. అక్కడ గేట్ల కేబిన్. ఆసుపత్రి పై వీధిలో మొదటినుంచీ కనబడుతూనే ఉంటుంది, దాని దీపం ఒక్కటే ఊరంతటికీ వెలుగుతూ ఉంటుంది. ఎందుకు వెలుగుతోందని ప్లేయర్ మొదట్లో అడగడు. నాలుగో నిజానికి ఇదే మొదటి ఆధారం, అందరి కళ్ల ముందే ఉంది.

ఒక్కో ద్వారం దగ్గర ఒక నిజం ఖాయంగా తెలిసేలా చూసుకోండి. ఇక్కడ మాత్రం ప్లేయర్ తప్పించుకోలేని చోట పెట్టాలి: లిఫ్టు దిగగానే ఎదురుగా ఉండే గోడ, తలుపు తెరవడానికి తప్పక ముట్టుకోవాల్సిన స్విచ్చు. మిగతా ఆధారాలన్నీ ఆ నిజాన్ని ముందే ఊహించే అవకాశం ఇస్తాయి. ముందే ఊహించిన ప్లేయర్‌కి ద్వారం దగ్గర ‘నేననుకున్నదే’ అన్న తృప్తి దొరుకుతుంది, ఊహించనివాడికి విషయం తెలుస్తుంది.

తర్కంలో కన్నాలు ఉంటే వాటిని మొదటి సీన్‌లోనే పూడ్చాలి. ఇంకో ఫ్యూజ్ కొనుక్కురావచ్చుగా అని ప్లేయర్ తప్పక అనుకుంటాడు. అందుకే సరళ పడవలో రావాలి, వెనక కొట్టుకుపోయిన వంతెన కనబడాలి. ఒక్క మాట కూడా అక్కర్లేదు.

నాలుగో అడుగు: సైడ్ క్వెస్టు అదే ప్రశ్నను ఇంకో గుమ్మం నుంచి అడగాలి

నాలుగు గంటల ఆటలో ప్రధాన కథకు రెండున్నర గంటలు పెట్టండి. మిగిలిన గంటన్నరలో పావుగంట చొప్పున ఆరు సైడ్ క్వెస్టులు, అంటే ప్రధాన కథ పక్కన చేసే చిన్న పనులు, పడతాయి. అంతకు మించితే ప్రధాన ప్రశ్న ఏమిటో ప్లేయర్ మరిచిపోతాడు. సైడ్ క్వెస్టు రాసే ముందు మూడు సంగతులు చూసుకోండి. అది హీరో క్రియనే కొత్తగా వాడుతోందా? నాలుగు నిజాల్లో ఒకదానికి ఆధారం ఇస్తోందా? అది అయ్యాక ఊళ్లో కంటికి కనబడే మార్పు మిగులుతోందా? మూడింటిలో రెండైనా లేకపోతే తీసేయండి. పది మూలికలు ఏరుకురా, ఐదు పెట్టెలు వెతుకు లాంటివి ఇక్కడే రాలిపోతాయి.

ఒకటి దగ్గరగా చూద్దాం. మధ్య వీధిలో ఒక పెద్దాయన ఉంటాడు. “అమ్మా, ఒక్కపూట రేడియో మోగేలా చెయ్యి, చాలు” అంటాడు. ఆయనింటికి ఫ్యూజ్ పెట్టాలంటే వీధి దీపం నుంచి తీయాలి. తీస్తే ఆ రాత్రి సరళ చీకట్లో నడవాలి. ప్లేయర్ ఒప్పుకుంటే రేడియో మోగుతుంది, పెద్దాయన మాటల్లో పడతాడు: ఆ రాత్రి కూడా ఇలాగే రేడియో పెట్టుకుని నీళ్లు వచ్చేదాకా మేలుకునే ఉన్నాడు, సైరన్ మాత్రం వినబడలేదు. అది రెండో నిజానికి ఆధారం. ఈ క్వెస్టుకు డబ్బో పాయింట్లో బహుమతిగా ఇవ్వకండి. ఆ తర్వాత ప్లేయర్ ఆ వీధిలోంచి ఎప్పుడు వెళ్లినా రేడియో సన్నగా వినబడుతూ ఉండాలి, దీపం ఆరిపోయి ఉండాలి. తను చేసిన ఎంపికను ప్రతిసారీ దాటుకుంటూ వెళ్తాడు.

సైడ్ క్వెస్టులను ఎక్కువగా చంపేది తొందర. ‘గంటలో ఆనకట్ట తెగుతుంది, పరిగెత్తు’ అని ప్రధాన కథ అరుస్తుంటే, ఆ పక్కనే రేడియో బాగుచేయమనే పెద్దాయన అసందర్భంగా ఉంటాడు. ప్లేయర్ ఆయన పని చేస్తే కథను నమ్మనట్టు, చేయకపోతే ఆటలో సగం చూడనట్టు. కాబట్టి విశాలంగా ఉన్న భాగాల్లో గడువు పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ బాగైంది, పంపు నీళ్లు తోడుతోంది, ‘తెల్లారేదాకా ఆగాలి’ అని సరళ అంటే చాలు. సైడ్ క్వెస్టులకు చోటు అక్కడే ఉంది. నిజంగా తొందరగా ఉండాల్సిన ఘట్టంలో మిగతా క్వెస్టులన్నీ మూసేయండి, మూసే ముందు ప్లేయర్‌కి సూచన ఇవ్వండి.

ఐదో అడుగు: గది చేత మాట్లాడించడం

మథియాస్ వోర్చ్, హార్వీ స్మిత్ అనే డిజైనర్లు 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ విషయం మీదే మాట్లాడారు. ఆ ప్రసంగం పేరు ‘ఇక్కడ ఏం జరిగింది?’. ప్రతి గదిలోనూ ప్లేయర్ చేత ఆ ప్రశ్న అడిగించడమే మీ పని. జవాబు గదిలోనే ఉండాలి, కానీ రాసిపెట్టి ఉండకూడదు.

గేట్ల కేబిన్ తీసుకుందాం. గదిని మూడు దూరాల్లో కట్టండి. గుమ్మం దగ్గర నుంచి చూస్తే ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడాలి: గోడమీది ఎర్ర సైరన్ పెట్టె, దాని అద్దం పగిలి ఉంది. గదిలోని ఒకే దీపం దాని మీద పడాలి, నేల మీది కేబుళ్లు కంటిని అటే తీసుకెళ్లాలి. నాలుగడుగులు వేస్తే రెండో పొర: మీట కిందికి లాగి ఉంది, పిడి వంగి ఉంది. అంటే ఒకసారి కాదు, చాలాసార్లు లాగాడు. కింద అద్దం పెంకుల మీద బూటు అచ్చులు, పక్కన ఫోన్ రిసీవర్ వేలాడుతోంది. చేతిలోకి తీసుకుని చూసేవాళ్లకు మాత్రం మూడో పొర: లాగ్‌బుక్‌లో 2:10, గేట్లు ఎత్తినట్టు సంతకం. దాని కింద నాలుగు నిమిషాల తేడాతో ‘సైరన్’ అని మూడుసార్లు రాసి, మూడుసార్లూ కొట్టేశాడు.

గుమ్మం దగ్గరే ఆగినవాడికీ సైరన్ సంగతి అందుతుంది. లోపలిదాకా వెళ్లినవాడికి ఆ మనిషి ఆరాటం అందుతుంది. కానీ ఇదే గదిలో ‘నేను సైరన్ నొక్కాను, మోగలేదు, నన్ను క్షమించండి’ అని ఉత్తరం పెట్టారనుకోండి, మీట, పిడి, అద్దం అన్నీ వృథా అయిపోతాయి. కాగితాలు వాడండి, తప్పులేదు. అవి నలభై, యాభై మాటలు దాటకూడదు, గది చూపించినదాన్నే మళ్లీ చెప్పకూడదు. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్‌లో ఆట నడుస్తుండగా కెమెరాను ప్లేయర్ చేతిలోంచి లాక్కోకుండానే కథంతా చెప్పారు. ఇలాంటి గది కట్టేటప్పుడు ఆ పట్టుదల గుర్తుంచుకోవాలి. ప్లేయర్ తనంతట తాను తల తిప్పి చూసిందే అతని సొంతమవుతుంది.

ఊరంతటికీ కలిపి ఒక గుర్తు ఉండాలి. మనకు అది గోడలమీది బురద గీత. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆర్టిస్టు ఒక గోడకు నడుమెత్తున గీత వేసి, అదే గోడను ఊరంతా కాపీ చేస్తాడు. నిలిచిన నీరు నేల వాలును బట్టి ఎత్తు మారదు. గీత ఊరంతా ఒకే మట్టంలో ఉండాలి: కింద వీధిలో కప్పు దాకా, మధ్య వీధిలో ఛాతీ దాకా, ఆసుపత్రి మెట్ల దగ్గర పాదం దాకా. ఆటను కట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఇంజిన్‌లో నీటిమట్టాన్ని ఒకే సంఖ్యగా పెట్టుకోండి (ఎత్తు చూపే అక్షం అన్‌రియల్‌లో Z, యూనిటీలో Y). బురద మెటీరియల్ ఆ సంఖ్యను బట్టే రంగు మార్చాలి. అప్పుడు మెట్లెక్కుతున్న ప్లేయర్‌కి గీత కిందికి దిగుతూ కనబడుతుంది, ఆసుపత్రి మునగలేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అలాగే, కరెంటు గడియారాలు సరఫరా పోయిన క్షణంలో ఒకేసారి ఆగుతాయి, బ్యాటరీ గడియారాలు నీళ్లు అందాక ఒక్కోటి ఒక్కో సమయానికి ఆగుతాయి. అన్నిటినీ 2:10 దగ్గర ఆపేస్తే, శ్రద్ధగా చూసే ప్లేయర్‌కి మీ ఊరు సెట్టింగులా కనబడుతుంది.

ఆరో అడుగు: ఎవరికి ఏం తెలుసో గుర్తుపెట్టుకోండి

ప్లేయర్ లాగ్‌బుక్ చదివాక ఆపరేటర్ దగ్గరకు రావచ్చు, చదవకముందే రావచ్చు. ప్రతి నిజానికీ ఒక ఫ్లాగ్, అంటే అది ప్లేయర్‌కి తెలిసిందో లేదో గుర్తుంచుకునే అవును-కాదు గుర్తు, పెట్టండి. పాత్ర మాట్లాడేముందు దాన్ని చూడాలి. ఇంక్ అనే ఉచిత స్క్రిప్టు భాషలో ఇలా ఉంటుంది:

```
VAR saw_gate_log = false

=== operator_talk ===
{ saw_gate_log: -> after_log | -> before_log }

=== before_log ===
"ఆ రాత్రి సంగతి నన్నడక్కమ్మా."
-> DONE

=== after_log ===
"సంతకం నాదే. చూసొచ్చావుగా, ఇంకేం చెప్పను?"
-> DONE
```

ఫ్లాగ్‌ను చోటుకి కాకుండా నిజానికి కట్టండి. `entered_cabin` అని పెడితే, గదిలోకి వెళ్లి ఏమీ చూడకుండా వచ్చినవాడితో కూడా ఆపరేటర్ అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు. ఇంకో జాగ్రత్త: ప్రతి ఫ్లాగ్‌కూ ప్రతి పాత్ర చేత వేరే డైలాగ్ రాయాలనుకుంటే నాలుగు నిజాలకే పదహారు కలయికలు వస్తాయి. ఒక్కో పాత్ర ఒక్క నిజానికే స్పందించేలా ముందే నిర్ణయించుకోండి. ఆపరేటర్‌కు రెండోది, ముసలాయనకు మూడోది, నర్సుకు నాలుగోది.

చివరి ఎంపిక వీటి మీదే నిలుస్తుంది. జనం తిరిగి రావాలంటే సైరన్ పనిచేయాలి, దానికి సరిపోయే పెద్ద ఫ్యూజ్ ఊళ్లో ఒక్కటే ఉంది, అది ఇప్పటికీ ఆసుపత్రిని నడుపుతోంది. ఈ రెంటిలో ఒకటి సరైనది, ఇంకోటి తప్పు అనిపించేలా సంగీతం గానీ పాయింట్లు గానీ పెట్టకండి. ఎటు పెట్టినా, రెండోది ఆరిపోవడం ప్లేయర్ కళ్లారా చూడాలి.

పరీక్ష

బొమ్మలు, రంగులు వేయకముందే బూడిదరంగు డబ్బాలతో ఊరు కట్టి ఆడించండి. ఆధారాలున్న చోట పేరు రాసిన డబ్బా పెడితే చాలు. ఐదుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వెనకనుంచి ఏమీ చెప్పకుండా చూడండి. ప్రతి ద్వారం దగ్గర ఆపి రెండే ప్రశ్నలు: ‘ఏం జరిగిందనుకుంటున్నారు? తప్పు ఎవరిది?’

కేబిన్ దాటాక కూడా ఇద్దరు ముగ్గురు ‘ఆపరేటర్‌దే’ అంటే రెండో నిజం అందలేదని అర్థం. ‘లైన్‌మన్’ అని మధ్య వీధిలోనే చెప్పేస్తే మూడోదానికి ఆధారాలు మరీ ఎక్కువయ్యాయి, ఒకదాన్ని ఆసుపత్రి వైపు జరపండి. ఎవరైనా ‘చదవాల్సింది చాలా ఉంది’ అంటే గదులు పని చేయడం లేదు, కాగితాలు చేస్తున్నాయి. ఆధారం అందలేదని తేలినప్పుడు దిద్దే వరుస కూడా ముఖ్యం. ముందు దీపాన్ని జరిపి చూడండి. అప్పటికీ కనబడకపోతే వస్తువును ప్లేయర్ నడిచే దారిలోకి తెండి. ఆ రెండూ పనిచేయనప్పుడే ఒక పాత్ర నోట ఒక వాక్యం చేర్చండి, చేర్చాక అంతకుముందు పట్టుకోగలిగిన వాళ్లకు అది విసుగు తెప్పిస్తోందేమో ఇంకో ఇద్దరితో ఆడించి చూడండి.